పోశవ్వ చెప్పిన సీరియల్

జర్మనీలో మాగ్డెబర్గ్ అనే ఊళ్లో ఎమ్మెస్ చదువుతున్న కెరోలిన్‌కు ఆ సీరియల్ గురించి గుర్తున్నవి ఐదే ఐదు ముక్కలు. పెద్ద హాల్లో గొలుసుల ఉయ్యాల. కుంటుకుంటూ గొడుగేసుకుని వచ్చే పోస్ట్‌మన్. టిఫిన్ క్యారియర్ అడుగు గిన్నెలో దొరికిన ఉత్తరం. గుమ్మంలో నిలబడి రోడ్డు వైపే చూసే ఎర్రంచు చీర ఆవిడ. ఆవిడ అనే ఒక మాట: "మనిషి పైకొచ్చేదాంక తలుపుకు గొళ్ళెం పెట్ట."

అంతే. పేరు లేదు, పాట లేదు, ఏ ఛానెలో తెలియదు. పేరూ ఊరూ తెలియని చుట్టాన్ని బస్టాండులో వెతికినట్టే ఉంది వ్యవహారం.

థీసిస్ రాసుకోవాల్సిన పిల్లకు ఈ పాత సీరియల్ గొడవ ఏమిటని ఎవరైనా అడగవచ్చు. గదిలో ఉండే తమిళమ్మాయి యాళిని అడిగింది కూడా. కారణం పోశవ్వ.

పోశవ్వ గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్ల వరుసలో కెరోలిన్ వాళ్ల పక్కింటి మనిషి. మంథని అవతలి పల్లె నుంచి పదహారేళ్లకు మొగుడు సదయ్య వెంట వచ్చింది. సదయ్య బొగ్గు నింపడానికి బాయి దిగాడు. గనిని అక్కడ బాయి అనే అంటారు. దిగడం, పైకి రావడం, వాళ్ల బతుకంతా ఆ రెండు మాటల మధ్యనే. సదయ్య బాయిలో ఉన్నంతసేపూ పోశవ్వ వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. వేళ్లు తునికాకును చుడుతుంటే నోరు కాలనీ అంతా చుట్టి వచ్చేది. ఎవరింట్లో కూర మాడిందో, ఎవరి కోడలు అలిగి బసంత్‌నగర్ బస్సెక్కిందో ఆమెకు తెలియకుండా ఉండేది కాదు. "సైరనన్న ఆగుతది గని మా దాని నోరు ఆగది" అని సదయ్యే నవ్వేవాడు.

కెరోలిన్ తల్లి సుసన్నా దవాఖానలో ఆయా. తండ్రి ఎడ్వర్డ్ బాయిలో ఫిట్టరు, వరస కలిపి పోశవ్వ అతన్ని అల్లుడు అనేది. ఇద్దరూ డ్యూటీల మనుషులు కావడంతో పిల్ల పోశవ్వ చాట పక్కనే పెరిగింది. ముద్దలు కలిపి పెట్టిందీ, జడ వేసిందీ, ఆదివారం చర్చికి ఆలస్యమవుతుందని తిడుతూ తల స్నానం చేయించిందీ పోశవ్వే. తాను పోచమ్మకు బోనమెత్తే మనిషి. అయినా సండే స్కూలు వాక్యం పిల్ల చేత అప్పజెప్పించుకునేది. అక్షరం ముక్క రాకపోయినా తప్పు మాత్రం టక్కున పట్టేది.

అలాంటి పోశవ్వ ఫిబ్రవరి నుంచి మాట్లాడడం లేదు.

ఫిబ్రవరిలో సదయ్య పోయాడు. రిటైరై పదేళ్లు దాటింది, ఆయాసంతో మంచం పట్టి ఆరునెలలైంది, ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యం ఆ తరువాత మొదలైంది. దినవారాలు అయిపోయాయి, చుట్టాలు వెళ్లిపోయారు, పోశవ్వ మాత్రం నోరు తెరవలేదు.

"తినుమంటె ఇంత తింటది, లేకుంటె అదీ లేదు," అని సుసన్నా ఫోన్లో చెప్పింది. "పొద్దంత తలుపు దిక్కు సూసుకుంట కూసుంటాంది. సంపత్ గొళ్ళెం పెడితె మళ్ల లేసి తీస్తాందట."

సంపత్ పోశవ్వ కొడుకు. సదయ్య రిటైరై క్వార్టర్ ఖాళీ చేశాక వాళ్లు బస్టాండు వెనక సంపత్ కట్టుకున్న ఇంట్లోనే ఉంటున్నారు.

"దవాఖానల చూపించిన్రా మమ్మీ?"

"చూపించిన్రు. తల ఫొటో తీసిన్రు, అన్ని మంచిగనే ఉన్నయన్నరు. దుఃఖమట బిడ్డా. దానికి గోలీ లేదట."

సంపత్ వీడియో కాల్ కలిపాడు. పోశవ్వ ముఖం తెరమీదికి వచ్చింది. "అవ్వా, నేనే, నీ కరోలీని" అని ఈ పిల్ల ఎంత పిలిచినా, చూసిందే గాని పెదవి కదపలేదు. ఫోన్ పెట్టేశాక కెరోలిన్ వెక్కి వెక్కి ఏడ్చింది. నవంబరు దాకా ఇంటికి వెళ్లే దారి లేదు. అప్పటికి ఆ ముసల్ది తిండి కూడా మానేస్తే? తనను పెంచిన గొంతు ఇంకెప్పుడూ వినబడదా? ఈ భయమే ఆమెను పట్టుకుంది.

ఏడుపు ఆగాక ఒక సంగతి గుర్తొచ్చింది. చిన్నప్పుడు మధ్యాహ్నం పూట తామిద్దరూ చూసిన సీరియల్. పోశవ్వకు అది ప్రాణం. అది నడుస్తున్నంతసేపు ఆమె ముఖం వెలిగిపోయేది. దాన్ని మళ్లీ చూపిస్తే ఒక్క మాటైనా అనకపోతుందా? ఏ భాగమూ పోకుండా చూసిన మనిషి కదా.

అలా మొదలైంది వెతుకులాట.

ముందు గూగుల్‌లో కొట్టింది. తలుపు, గొళ్ళెం, తల్లి, సీరియల్ అంటే తలుపులకు గొళ్ళేలు అమ్మే దుకాణాలు వచ్చాయి. తరువాత ఏఐ చాట్‌ను అడిగింది. అది క్షణం ఆలోచించకుండా ఒక పేరు చెప్పింది, నటీనటులతో సహా. వెళ్లి చూస్తే ఆ సీరియల్ వచ్చింది మొన్న మొన్న. అది కాదంటే "క్షమించండి" అని ఇంకో పేరు చెప్పింది. ఆ పేరుతో అసలు సీరియలే లేదు. తెలియదని చెప్పడం చేతకాని పెద్దమనుషులు మన ఊళ్లోనూ ఉన్నారు కాబట్టి కెరోలిన్ పెద్దగా కోపం తెచ్చుకోలేదు.

ఫేస్‌బుక్‌లో పాత తెలుగు సీరియళ్ల మీద ప్రేమతో నడిచే ఒక గ్రూపు ఉంది. ఐదు ముక్కలూ రాసి అందులో పెట్టింది. సాయంత్రానికి అరవై జవాబులు. ప్రతివాళ్లూ తలమీద చెయ్యేసి చెప్పినంత నమ్మకంగా చెప్పారు, ఏ ఇద్దరు చెప్పిందీ ఒకటి కాదు. ఒకాయన ఉయ్యాల చూసి ఒక పేరు చెప్పాడు. ఇంకొకామె పోస్ట్‌మన్‌ను చూసి ఇంకోటి. నిజానికి వాళ్లంతా కెరోలిన్ చిన్నతనం గురించి మాట్లాడడం లేదు, ఎవరి చిన్నతనం వాళ్లు తవ్వుకుంటున్నారు. చెప్పిన ప్రతి సీరియలూ ఆమె యూట్యూబ్‌లో తెరిచి రెండు మూడు భాగాలు చూసింది. ఉయ్యాలలు చాలా దొరికాయి, ఆ ఉయ్యాల దొరకలేదు. రెండు వారాలు పోయాయి. ప్రొఫెసర్ నుంచి థీసిస్ సంగతేమిటని మెయిల్ కూడా వచ్చింది.

అప్పుడు శోభ అనే ఆవిడ మెసేజ్ చేసింది. గుంటూరు వైపు మనిషి, గ్రూపులో పాత కాపు. పేరు తెలియని సీరియళ్లను పట్టుకోవడంలో ఆవిడకు పెద్ద పేరు.

"పేరు సంగతి తర్వాత చూద్దామమ్మా," అని రాసింది. "ఒక కాగితం మధ్యలో గీత గియ్యి. ఒకవైపు కంటితో చూసినవి, రెండో వైపు చెవితో విన్నవి రాయి. జ్ఞాపకంలో ఈ రెండూ కలిసిపోతాయి. అక్కడే అందరూ తప్పిపోతారు."

కెరోలిన్ రాసింది. చూసినవాటి వైపు నాలుగు ముక్కలు వచ్చాయి. ఆలోచిస్తే ఐదోది తేలింది: ఉయ్యాల ఉన్న ఇంటి ముందు నుంచి ఒక బస్సు పోతుంది, దాని నుదుటి మీద అక్షరాలు జిలేబీ చుట్లలా ఉంటాయి. విన్నవాటి వైపు గొళ్ళెం మాట ఒక్కటే ఉంది.

శోభ వెంటనే ఫోన్ చేసింది. "టైటిల్ పాట ఒక్క ముక్కైనా హమ్ చెయ్యగలవా?"

"రాదండి."

"అదే వింత. పిల్లలు కథ మర్చిపోతారు, పాట మర్చిపోరు. సరే, ఆ గొళ్ళెం మాట ఒకసారి చెప్పు. నీకు గుర్తున్నది గుర్తున్నట్టే."

కెరోలిన్ చెప్పింది.

"చూడమ్మా, మధ్యాహ్నం సీరియల్లో ఉయ్యాల ఉన్న ఇంటి ఇల్లాలు ఆ రోజుల్లో ఇట్లా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. 'పైకొచ్చేదాంక, పెట్ట' అనదు. ఇది మీ ఊరి భాష. ఇంకో సంగతి. మనిషి పైకి రావడమేమిటి? ఎక్కడి నుంచి పైకి? ఎవరైనా ఇంటికి రావడం అంటారు గాని."

కెరోలిన్ ఆ వాక్యం ఇరవై సార్లు రాసింది, వందసార్లు అనుకుంది. బాయి మనుషుల మధ్య పుట్టి పెరిగిన పిల్లకు, ఇంటికి రావడం అంటే పైకి రావడమే. అందులో అనుమానించాల్సింది ఏముందో ఆమెకు కనిపించనే లేదు.

వెంటనే ఇంటికి ఫోన్ కొట్టింది. "మమ్మీ, నేను, అవ్వ చూసిన సీరియల్ యాదికున్నదా? అండ్ల మాట్లాడేటోళ్లు మన లెక్క మాట్లాడేటోళ్లా?"

సుసన్నా నవ్వింది. "దానికి సౌండేడిదే? మీ డాడీ ఆ ఎండకాలం మెయింటెనెన్స్ గ్యాంగుల ఉండె. నెలలకు నెలలు రాత్రి షిఫ్టే. పొద్దున దిగొచ్చి లోపటి అర్రల పండుకుంటుండె. సౌండ్ పెడితె లేస్తడని నేనే సౌండ్ బంద్ చేసి రిమోట్ దాచి పెట్టి పోతుంటి. చప్పుడు లేకుంటనే చూసేది మీరు."

"మరి మాటలు?"

"పోశవ్వ చెప్పేది. బొమ్మ నోరు తెరిస్తె చాలు, మెల్లగ గుసగుస చెప్పుకుంట, బీడీలు చుట్టుకుంట. ఆమెకు మాత్రం ఏమెరుక? ఏది తోస్తె అది చెప్పేది."

ఏడేళ్ల కెరోలిన్ పక్కన కూర్చుని, ఆ ముసల్ది రోజూ అరగంట సీరియల్‌కు కథ, మాటలు, ఏడుపు, నవ్వు అన్నీ తానే సమకూర్చింది. ఉయ్యాల ఇంటి ఇల్లాలి నోట్లో తన మాట పెట్టింది. సదయ్య దిగిన షిఫ్టు నుంచి పైకి వచ్చేదాకా ఇంటి తలుపుకు గొళ్ళెం పెట్టకపోవడం పోశవ్వ పట్టింపు. ఎండైనా వానైనా తలుపు ఓరగా తెరిచే ఉండేది. అసలు సీరియల్లో ఏముందో వాళ్లిద్దరికీ ఎప్పుడూ తెలియదు.

ఇన్నాళ్లూ తాను వెతికింది పోశవ్వ మాటలను. అవి ఏ సైటులోనూ దొరికేవి కావు.

చెవి వైపు కొట్టేశాక దారి చక్కబడింది. జిలేబీ అక్షరాలనగానే శోభ తేల్చేసింది: తమిళం నుంచి డబ్ చేసిన సీరియల్. అప్పట్లో మధ్యాహ్నాలు అలాంటివి చాలా వచ్చేవి. పెదవులకూ మాటలకూ పొంతన కుదరదు గనుక వినేవాళ్లకు వెంటనే తెలుస్తుంది, వినని వాళ్లకు ఎలా తెలుస్తుంది? ఇక కావలసింది తేదీ. తేదీ, వేళ తెలిస్తే పాత పేపర్లో టీవీ కార్యక్రమాల పట్టిక ఉంటుంది.

ఆ ఎండాకాలం ఏ ఏడాదిదో సుసన్నా బీరువాలోని ఫొటో చెప్పింది. కెరోలిన్ ఏడో పుట్టినరోజు. పోశవ్వ ఒళ్లో ముందు పళ్లు లేని పిల్ల, చేతిలో కేకు ముక్క, వెనక టీవీ నడుస్తోంది. టీవీలో గుమ్మం, గుమ్మంలో ఎర్రంచు చీర! మూలనున్న ఛానెల్ గుర్తు మీద మాత్రం కెమెరా వెలుగు పడి తెల్లగా మాడిపోయింది. ఫొటో అంచున నారింజ రంగు అంకెలు: 2008, ఏప్రిల్ 23. క్యాలెండర్ చూస్తే బుధవారం. ఒంటిపూట బడి అయిపోయి, అన్నం తిన్నాక చూసేవాళ్లు కాబట్టి వేళ ఒకటిన్నర ప్రాంతం.

పాత పేపర్ల కోసం ఎడ్వర్డే బయలుదేరాడు. రాత్రి షిఫ్టు దిగి, స్నానం చేసి, నిద్ర మాని, గోదావరి అవతలి మంచిర్యాలకు బస్సెక్కాడు. అక్కడ దయాసాగర్ సార్ అని రిటైర్డ్ లెక్కల టీచరు, చర్చి పెద్ద. ముప్పై ఏళ్ల పేపర్లు నెలవారీగా కుట్టి ఒక గదినిండా పెట్టుకున్నాడు. పాత కాగితాల వాడికి వేసెయ్యమని ఆయన భార్య ముప్పై ఏళ్లుగా చెబుతూనే ఉంది.

ఏప్రిల్ 2008 కట్ట దొరికింది. ఇరవై మూడో తేదీ పేజీ తెరిస్తే టీవీ పట్టిక ఉండాల్సిన చోట చక్కగా కత్తిరించిన కిటికీ.

"అయ్యో," అన్నాడు దయాసాగర్ సార్ నాలుక కరచుకుని. "వెనక దిక్కు మంచి లెక్కల వ్యాసం ఉండెనయ్యా. పిల్లలకని నేనే కత్తిరించిన."

ఎడ్వర్డ్ ఫోన్ చేసి కూతురికి ఈ ముచ్చట చెప్పాడు, గొంతులో నిద్ర, నిరాశ రెండూ ఉన్నాయి. "ఇంత దూరమొచ్చి ఉత్తగ పోవాలె బిడ్డా."

"డాడీ, రోజూ వచ్చే సీరియల్ కద! ఇరవై నాలుగు చూడు. బేస్తారం కూడ గదే టైముకు గదే ఉంటది."

"అరె, గంతే గద!" అన్నాడు ఎడ్వర్డ్, ముప్పై ఏళ్లుగా యంత్రాలు విప్పి బిగించినవాడు. మరునాటి పేజీ తిప్పాడు. ఒకటిన్నరకు నాలుగు ఛానెళ్లలో నాలుగు సీరియళ్లు. ఫొటో తీసి పంపాడు. తిరుగు బస్సులో నిద్రపోయి తన స్టాపు దాటిపోయాడని తరువాత తెలిసింది.

నాలుగింటిలో మూడు సులువుగానే తేలిపోయాయి. యూట్యూబ్‌లో భాగాలున్నాయి, మూడూ తెలుగులో తీసినవే, ఎర్రంచు చీర లేదు. నాలుగోది 'తలవాకిలి'. ఆ పేరుతో దొరికింది నలభై సెకన్ల వీడియో ఒక్కటే. ఎవరో టీవీ ముందు ఫోన్ పట్టుకుని తీసిన టైటిల్ పాట. కింద నూటపాతిక మంది "దయచేసి మొత్తం పెట్టండి" అని మొరపెట్టుకున్నారు. ఆఖరి క్షణంలో నిర్మాణ సంస్థ గుర్తు కనిపించింది. కెరోలిన్ అక్కడ ఆపి, యాళినికి చూపించింది.

యాళిని తన భాషలో ఆ సంస్థ పేరు కొట్టింది. వాళ్ల ఛానెల్ వచ్చింది, అందులో పాత సీరియళ్ల వరుస వచ్చింది. వాటిలో ఒకదాని మీద గొలుసుల ఉయ్యాల బొమ్మ ఉంది. తమిళంలో పేరు వేరు. మొత్తం మూడువందల పన్నెండు భాగాలు, అన్నీ ఉన్నాయి.

ఫొటోలోని గుమ్మం దొరికేదాకా ఇద్దరూ పది పది సెకన్లు ముందుకు జరుపుతూ కూర్చున్నారు. నూటపద్దెనిమిదో భాగంలో దొరికింది. అదే గుమ్మం, అదే చీర, అదే చేతి వంపు. కెరోలిన్ లేచి గంతులేసింది. కింది గదివాళ్లు తమ పైకప్పును కర్రతో పొడిచారు.

"ఇంతకీ కథేమిటి?" అని యాళినిని అడిగితే, "ఆస్తి కోసం మరదళ్లతో కోర్టు కేసు" అని చెప్పింది. బాయి లేదు, ఎదురుచూపు లేదు. ఆవిడ గుమ్మంలో నిలబడింది వకీలు కోసం.

తెలుగు మాటలున్న భాగాలు ఎక్కడా లేవు. శోభ వాకబు చేస్తే, డబ్బింగ్ చేసినవాళ్లు ఎప్పుడో మూసుకున్నారని, టేపుల సంగతి ఎవరికీ తెలియదని తేలింది. సరే, ఉన్నదే చూపిద్దామనుకుంది కెరోలిన్.

ఆదివారం సంపత్ తన ఇంట్లో పెద్ద టీవీలో పెట్టాడు. తల్లికి వినబడాలని సౌండ్ నిండా పెంచాడు. తమిళ మాటలు గోడలదాకా మోగాయి. మనవలు వాటిని వెక్కిరిస్తూ పకపకా నవ్వారు. పోశవ్వ ఒకసారి తెర వైపు చూసింది. తరువాత ముఖం తలుపు వైపు తిప్పుకుంది. వీడియో కాల్‌లో చూస్తున్న కెరోలిన్ ఫోన్ పెట్టేసింది. నెల రోజుల కష్టం బూడిదలో పోసిన పన్నీరైందని యాళినితో చెప్పి, ఆ రోజు అన్నం తినలేదు.

ఆ వారమే సంపత్ వాళ్లు పెళ్లికని గోలేటి వెళ్తూ పోశవ్వను సుసన్నా దగ్గర దింపారు. మధ్యాహ్నాలు సీరియల్ చూసిన పాత క్వార్టరే, పాత అర్రలే. ఎడ్వర్డ్‌కు ఆ వారం రాత్రి షిఫ్టు.

మంగళవారం పొద్దున పది గంటలకు కెరోలిన్ యూనివర్సిటీ లైబ్రరీలో ఉంది. గోదావరిఖనిలో మధ్యాహ్నం ఒకటిన్నర. మనసు ఊరుకోక తల్లికి వీడియో కాల్ చేసింది.

"మళ్లొక్కసారి పెట్టు మమ్మీ. నూటపద్దెనిమిది."

"మొన్న పెడితె మొహం తిప్పుకున్నది గదనే."

"ఒక్కసారి."

సుసన్నా ఫోన్‌ను నీళ్ల చెంబుకు ఆనించింది. పోశవ్వ గోడకు చేరగిలబడి, తలుపు వైపు చూస్తూ కూర్చుంది. తలుపు ఓరగా తెరిచి ఉంది. టీవీలో సీరియల్ కంటే ముందు ప్రకటన వచ్చి సబ్బు గురించి పెద్ద గొంతుతో అరిచింది. లోపలి గదిలో మంచం కిర్రుమంది. ఎడ్వర్డ్ దగ్గి, అటు తిరిగి పడుకున్న చప్పుడు.

పోశవ్వ ఉలిక్కిపడింది. చెయ్యి లేచింది, వేలు పెదవుల మీదికి వెళ్లింది.

"ష్... సౌండ్ తియ్యిండ్రి. అల్లుడు షిఫ్టు దిగి పండుకున్నడు."

నాలుగు నెలల తరువాత వచ్చిన మొదటి మాట అది. సుసన్నా రిమోట్ మీట నొక్కింది, టీవీ మూగబోయింది.

తెరమీద ఉయ్యాల ఊగింది. పోస్ట్‌మన్ గొడుగు మడిచాడు. ఎర్రంచు చీర ఆవిడ గుమ్మంలోకి వచ్చి రోడ్డు వైపు చూసింది. పోశవ్వ చూపు తలుపు మీంచి మెల్లగా తెర మీదికి వచ్చింది. ఒళ్లో వేళ్లు కదిలాయి. చాట లేదు, ఆకు లేదు, అయినా వేళ్లు చుడుతూనే ఉన్నాయి. ఆ తరువాత గుసగుసగా, బొంగురుగా, అలవాటు తప్పిన గొంతు లేచింది.

"ఎంతసేపు నిలవడుతవే గట్ల? కాళ్లు గుంజుతయి."

తెరమీది ఆవిడ టిఫిన్ క్యారియర్ అందుకుంది. గిన్నెలు ఒక్కొక్కటీ విప్పుతోంది.

"సద్దిగిన్నె వచ్చింది. మనిషి రాలే." పోశవ్వ ఆగింది. ఆవిడ ఉత్తరం విప్పేదాకా ఆగింది. "ఏమని రాసిండు? ఈపారి దిగిన బాయికి పైకొచ్చే తొవ్వ లేదని రాసిండు. నువ్వు మొండిదానివి, తలుపు తెరుసుకొని కూసుంటవని ఆయినకెరుకే. అందుకే చెప్పి పంపిండు. గొళ్ళెం పెట్టుకొమ్మన్నడు. బువ్వ తినుమన్నడు."

తెరమీది ఆవిడ ఉత్తరం మడిచి లోపలికి వెళ్లి తలుపు మూసుకుంది. పోశవ్వ కళ్ల నుంచి నీళ్లు ధారగా కారాయి. ఫిబ్రవరిలో అందరూ ఏడ్చినప్పుడు ఏడవని మనిషి. కొంగుతో ముక్కు తుడుచుకుని, సుసన్నా ఆసరాకు రాబోతే వద్దని, తానే మోకాళ్ల మీద చెయ్యి పెట్టి లేచింది. తలుపు దగ్గరికి నడిచి, కాసేపు వాకిట్లోకి చూసి, మూసింది. గొళ్ళెం పెట్టింది.

"ఏం వండినవ్ సుసన్నా?"

"పప్పుచారు పెద్దమ్మా. చేపల వేపుడు."

"ఇంత పెట్టు."

మాగ్డెబర్గ్ లైబ్రరీలో ఇరవై నాలుగేళ్ల పిల్ల బల్ల మీద తల వాల్చి బావురుమంది. పక్క బల్లలవాళ్లు తలలెత్తి చూశారు. ఆ ఏడుపు చెంబుకు ఆనించిన ఫోన్‌లోంచి క్వార్టరంతా వినబడింది. పోశవ్వ కంచం ముందు కూర్చుంటూ ఫోన్ వైపు వంగి, కళ్లు చికిలించి చూసింది.

"ఏందే కరోలీ, గంత పెద్దగ ఏడుస్తవ్? అల్లుడు లేస్తడు."

కెరోలిన్ రెండు చేతులతో నోరు మూసుకుంది.